బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, రెండవ కూర్పు, మద్రాసు, 1903

వేంకటరత్నం, క్యాంబెల్, వీరేశలింగం గార్లు సవరించిన ఈ కూర్పు తరువాత వచ్చిన పునర్ముద్రణ కాదు, 1903 నాటి అచ్చు ప్రతియే. ఐఎస్‌బీఎన్ పద్ధతి రాకముందుది కనుక ఆ సంఖ్య ఉండదు. ముఖపత్రంపై ఉన్న కూర్పు, సంవత్సరం చూసి పోల్చుకోవాలి, అందుకే దాని ఫొటో జతచేశాను.

అసలు అట్ట లేదు. గోధుమరంగు కాలికోతో కొత్తగా గట్టి బైండు చేయించారు, కుట్టు బిగువుగా ఉంది, అయితే బైండరు అంచులు కత్తిరించడంతో పై మార్జిను సన్నబడింది. కాగితం పసుపుబారి, మూలల్లో పెళుసుగా ఉంది. చివరి పుటల్లో పురుగు తొలిచిన చిన్న రంధ్రాలు రెండుచోట్ల అక్షరాలను తాకాయి. పుటలన్నీ ఒక్కొక్కటిగా లెక్కచూశాను, ఏదీ పోలేదు. ముఖపత్రంపై పాత యజమాని సిరా సంతకం ఉంది. నిత్యం తిరగేయడానికి పునర్ముద్రణే మేలు. ఇది భద్రపరచుకునేవారికి తగినది. ధర రూ. 6,500, తపాలా ఖర్చు అదనం.