నైన్ ఆఫ్ స్వోర్డ్స్: రాత్రి మూడింటికి మీరడిగిన ప్రశ్నకు వచ్చిన కార్డు

నమస్కారమండీ.

మీ మెసేజ్ రాత్రి 3:10కి వచ్చింది. నేను పొద్దున చూశాను. "మా ఇల్లు ఈ అప్పుల్లోంచి బయటపడుతుందా, ఒక్క కార్డు తీసి చెప్పండి" అన్నారు. టారో డెక్ కలిపి ఒక్కటే తీశాను. నైన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది, నిటారుగానే వచ్చింది.

ఫోటో పంపుతున్నాను. చూడగానే గుండె జారుతుంది, అందుకే ముందే చెబుతున్నా: ఇది ఇల్లు పోతుందని చెప్పే కార్డు కాదు. డబ్బు గురించి చెప్పే కార్డు కూడా కాదు. టారోలో డబ్బు, ఆస్తి, సంపాదన లాంటివి పెంటకిల్స్ అనే నాణేల కార్డులు చూసుకుంటాయి. స్వోర్డ్స్, అంటే కత్తులు, ఆలోచనకీ మాటకీ సంబంధించినవి. మీరు డబ్బు గురించి అడిగితే కార్డు మీ రాత్రి గురించి చెప్పింది. నాకైతే సరైన జవాబే అనిపించింది.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ వేసిన బొమ్మ ఇది. ఒక మనిషి మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఉంది. వెనక అంతా నలుపు. కిటికీ లేదు, దీపం లేదు. ఆ నలుపులో తొమ్మిది కత్తులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వరుసగా ఉన్నాయి. ఒక్కసారి ఫోటో పెద్దది చేసి చూడండి. వాటిలో ఒక్కటి కూడా ఆమె ఒంట్లో దిగలేదు. దీని తర్వాతి కార్డు టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పది కత్తులూ మనిషి వీపులో దిగి ఉంటాయి. ఇక్కడింకా అలా జరగలేదు. ఆమె చేతులు తీసి, తల తిప్పి వెనక్కి చూస్తే కనీసం ఎన్ని ఉన్నాయో లెక్క తెలుస్తుంది. కళ్ళు మూసుకుంటే మాత్రం తొమ్మిది కాస్తా తొంభై అవుతాయి.

మీరు రాసిన ఒక ముక్క నాకు గుర్తుండిపోయింది. "ఆయన లేస్తారని ఫోన్ వెలుతురు తగ్గించి, దుప్పట్లో క్యాలిక్యులేటర్ తెరిచి కూడుతూ ఉంటాను, ప్రతిసారీ వేరే మొత్తం వస్తుంది" అన్నారు. ఈ కార్డుని ఇంతకంటే బాగా ఏ పుస్తకం చెప్పలేదు. ప్రతిసారీ వేరే మొత్తం ఎందుకొస్తుందంటే, మీరు కూడుతున్నవి అన్నీ అంకెలు కావు. అందులో కొన్ని భయాలు, ఒకటి రెండు సిగ్గులు. వాటిని క్యాలిక్యులేటర్ కూడలేదు.

అందుకని మీ మెసేజ్‌లోంచి నేనే లెక్క పెట్టాను. కావాలని సరిపెట్టలేదు గానీ, సరిగ్గా తొమ్మిదే వచ్చాయి.

రెండు కత్తులకి నిజంగానే పదును ఉంది, ఒకదానికి తేదీ కూడా ఉంది. మీ అమ్మాయి కాలేజీ ఫీజు వచ్చే నెల 15లోపు కట్టాలి. మీ తమ్ముడి లోన్‌కి మీరు హామీ సంతకం పెట్టారు, అతను రెండు వాయిదాలు తప్పాడు. ఈ రెండో దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. తీసుకున్నవాళ్ళు కట్టకపోతే అప్పిచ్చినవాళ్ళు హామీ ఉన్నవాళ్ళ దగ్గరికి వస్తారు. సంతకం అంటే అదే.

ఇంకో రెండు మీ చేతుల్లో లేనివి. మీవారికి రావాల్సిన బిల్లు మూడు నెలలుగా ఆగిపోవడం ఒకటి, మీ నాన్నగారి కంటి ఆపరేషన్ రెండోది. ఆపరేషన్‌కి తొందరేం లేదని, కొన్ని నెలలు ఆగొచ్చని డాక్టరే చెప్పారని మీరే రాశారు. మరి ఆ కత్తి రోజూ రాత్రి గోడ మీదకి ఎందుకొస్తోంది? కొడుకు ఉండీ కూతురు చూసుకోవాల్సి వస్తోందన్న బాధ అందులో కలిసి ఉందేమో. నేను ఊహిస్తున్నాను, తప్పైతే వదిలేయండి.

మీ ఇంటి లోన్ వాయిదా గురించి కూడా రాశారు. అది ఒక్క నెల కూడా తప్పలేదు కదా. అలవాటుగా వచ్చి నిలబడే కత్తి అది. మంచం పక్క నుంచి తీసి అవతల పెట్టేయొచ్చు.

ఉద్యోగం పోతే ఎలా, ఇల్లు అమ్ముకోవాల్సి వస్తే ఎలా అన్నవి రెండూ ఇంకా పుట్టని కత్తులు. మీ ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. ఇల్లు అమ్మే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. రాత్రి మూడింటికి బుర్ర ఇలాంటివి పుట్టిస్తుంది, పగలు పదకొండింటికి ఇవే తలుచుకుంటే మీకే కొంచెం నవ్వు రావచ్చు.

ఇక మిగిలినవి రెండు. హామీ సంతకం సంగతి మీవారికి తెలియదు. తెలిస్తే అమ్మా, బంధువులూ ఏమనుకుంటారో అన్నది ఇంకోటి. నన్నడిగితే మిమ్మల్ని నిద్ర లేపుతున్నవి ఈ రెండే, మిగతా ఏడూ వీటి వెనక నిలబడ్డాయి.

ఎందుకంటున్నానో చెబుతాను. కార్డులో మంచం చెక్క మీద ఒక చిన్న చెక్కడం ఉంది, చాలామంది గమనించరు. ఇద్దరు మనుషులు తలపడుతున్నారు, ఒకరు పడిపోతున్నారు. పడుకునే మంచానికే ఒక గొడవ చెక్కి ఉందన్నమాట. మీ విషయంలో ఆ గొడవ ఇంకా జరగలేదు. అది జరుగుతుందేమోనని మీరు రోజూ దాని మీదే పడుకుంటున్నారు. ఆయన ఏమంటారో, మీరు ఏం చెప్తారో, తమ్ముడిని ఏమని తిడతారో, ఈ సంభాషణ మొత్తం మీరొక్కరే రెండు గొంతులతో ఇప్పటికి ఎన్నిసార్లు నడిపించారో!

పాత టారో సంప్రదాయంలో ఈ కార్డుని మిథునంలో కుజుడికి ఇచ్చారు. దీన్ని మీ జాతకంతో కలిపి కొత్త టెన్షన్ పెట్టుకోకండి, అది వేరే లెక్క. ఇక్కడ భావం ఇంతే: మిథునం మాటకీ ఆలోచనకీ రాశి, కుజుడు కత్తి పట్టినవాడు. ఆలోచన తనమీద తనే కత్తి దూసుకోవడం. బయట మాట్లాడాల్సిన మాట లోపలే తిరిగితే ఇలాగే ఉంటుంది.

నెట్‌లో ఈ కార్డు అర్థం వెతికితే మీకు చావు, వైఫల్యం, నిరాశ లాంటి మాటలు కనిపిస్తాయి. ఈ డెక్ చేయించిన వెయిట్ అలాగే రాశాడు. కానీ ఇదే కార్డు తలకిందులుగా వస్తే చెప్పాల్సిన అర్థాల్లో సందేహం, సిగ్గు, వాటితో పాటు "సహేతుకమైన భయం" అని కూడా రాశాడు. మీకు నిటారుగా వచ్చింది కాబట్టి ఆ అర్థం వర్తించదని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు. నేనంత పట్టుబట్టను. మీ తొమ్మిదింటిలో కారణం ఉన్న భయాలు ఏవో, కారణం లేనివి ఏవో విడదీయడమే ఈ రీడింగ్‌లో అసలు పని.

దుప్పటి సంగతి మర్చిపోయేదాన్ని. ఆమె కాళ్ళ మీద కప్పుకున్న దుప్పట్లో ఒక గడిలో గులాబీ, ఇంకో గడిలో రాశుల గుర్తులు. ఇంత నల్లటి కార్డులో రంగు ఎక్కువగా ఉన్నది అక్కడే, అదీ ఆమె ఒంటిని తాకుతూనే ఉంది. మీకు అలా తాకుతున్నవి ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మీ జీతం నెలనెలా వస్తోంది, మీ అమ్మాయి సీటు తనే కష్టపడి తెచ్చుకుంది. అవి అప్పు తీర్చవు, నిజమే. లెక్కలో మాత్రం వాటినీ వేసుకోవాలి కదా.

ఒక్క కార్డే అడిగారు గానీ, డెక్ సర్దుతుంటే ఒకటి జారి పడింది: సిక్స్ ఆఫ్ పెంటకిల్స్. ఒకాయన ఒక చేత్తో నాణేలు ఇస్తూ, ఇంకో చేత్తో త్రాసు పట్టుకుని ఉంటాడు. సాధారణంగా జారిపడ్డ కార్డుల్ని నేను పట్టించుకోను. దీన్ని మాత్రం దాచలేకపోయాను. మీరు మీ తమ్ముడికి ఇచ్చారు, త్రాసు పట్టుకోకుండా ఇచ్చారు. ఇకమీదట ఇవ్వొద్దని కాదు, తూకం చూసి ఇవ్వమని.

చేయాల్సినవి చెప్తాను, కార్డులోంచి నాకు తోచినంత వరకే.

రాత్రి లెక్కలు ఆపేయండి. మెలకువ వస్తే ఫోన్ కాదు, కాగితం. పక్కన ఒక పెన్ను పెట్టుకుని, బుర్రలోకి వచ్చింది ఒక్క లైను రాసి పడుకోండి. పొద్దున కాఫీ అయ్యాక చూడొచ్చు. ముఖ్యంగా ఆ వేళప్పుడు ఏ లోన్ యాప్‌లోనూ వేలు పెట్టొద్దు. మూడింటికి తీసుకున్న అప్పు పదో కత్తి అవుతుంది.

తమ్ముడికి ఫోన్ చేసి "ఎప్పుడు కడతావురా" అని అడగకండి, దానికి "వచ్చే నెల అక్కా" అని జవాబు సిద్ధంగా ఉంటుంది. లోన్ స్టేట్‌మెంట్ పంపమనండి. ఇంకా ఎంత ఉంది, ఎంత తప్పింది, వడ్డీ ఎంత అన్నది కళ్ళతో చూడండి. తర్వాత ఇద్దరూ కలిసి అప్పిచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాయిదా తగ్గించి గడువు పెంచుతారేమో అడగండి. వాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాక అడగడం కంటే ఇది నయం. కాలేజీలో కూడా ఫీజు రెండు విడతలుగా కడతామని అడిగి చూడండి. అడగడానికి మీకు నామోషీ అని తెలుసు. అమ్మాయినే వెంట తీసుకెళ్ళండి, తనకీ తెలియాల్సిన వయసే.

మీవారికి చెప్పండి. రాత్రి కాదు, గొడవ మధ్యలో అసలే కాదు. సెలవు రోజు పొద్దున, ఆ స్టేట్‌మెంట్ చేతిలో పెట్టుకుని. "తమ్ముడి లోన్‌కి నేను సంతకం పెట్టాను, మీకు చెప్పకపోవడం నా తప్పు, ఇదీ లెక్క" అంటే చాలు. కోపం వస్తుంది. రాదని ఏ కార్డూ హామీ ఇవ్వదు, నేనూ ఇవ్వను. కార్డులో ఆవిడ మంచం మీద ఒక్కతే ఉంది. మీ మంచం మీద ఇంకొకరు ఉన్నారు, ఆయన లేవకూడదని మీరు ఫోన్ వెలుతురు తగ్గిస్తున్నారు.

ఇంకో మాట. నిద్ర పట్టక ఐదు వారాలైందన్నారు. అది కార్డులతో తీరేది కాదు, డాక్టర్‌కి చూపించుకోండి. బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, తెల్లారేదాకా ఆగకుండా పక్కనున్న ఆయన్ని లేపండి.

అప్పుల్లోంచి ఎప్పుడు బయటపడతారో తేదీ అడిగారు. కత్తుల కార్డు మీద తేదీ ఉండదు. మీ దగ్గర ఉన్న తేదీ ఒక్కటే, 15. కాలేజీకి 10లోపు వెళ్ళండి, స్టేట్‌మెంట్ అంతకంటే ముందే చేతికి రావాలి. ఆ రెండూ అయ్యాక కావాలంటే మళ్ళీ కార్డు తీద్దాం. ఈలోపు ఇదే ప్రశ్నకి నాతో గానీ ఇంకొకరితో గానీ తీయించుకోకండి.