విషయం: కారు డ్యామేజీ క్లెయిమ్ ఆలస్యంగా తెలపడాన్ని మన్నించమని వినతి

హనుమకొండ,
15 జులై 2025

క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

జులై 6 రాత్రి హసన్‌పర్తి దగ్గర అడ్డొచ్చిన బర్రెను తప్పించబోయి నా కారు డివైడర్‌ను గుద్దింది. ఆ రాత్రే నాన్నకు గుండెపోటు వచ్చింది. 14న డిశ్చార్జి అయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉన్నాను.

రిపేరు మొదలుపెట్టలేదు. బంపర్, రేడియేటర్, ఎడమ హెడ్‌లైట్ పగిలినవి పగిలినట్టే ఉన్నాయి. కూలెంట్ కారిపోవడంతో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, టోయింగ్ బండి మీద షెడ్డుకు చేర్పించాను. కాబట్టి సర్వేయర్ ఇప్పుడొచ్చినా నష్టం సరిగ్గా లెక్కగట్టొచ్చు. తప్పనిసరి పరిస్థితుల్లో జరిగిన ఆలస్యాన్ని మాత్రమే కారణంగా చూపి క్లెయిమ్ తిరస్కరించొద్దని ఐఆర్‌డీఏ 2011 సెప్టెంబర్ 20 సర్క్యులర్‌లో ఉంది.

దయచేసి క్లెయిమ్ నమోదు చేసి, సర్వేయర్‌ను పంపండి. నిర్ణయం ఏదైనా రాతపూర్వకంగా తెలపండి.

జత: డిశ్చార్జి సమ్మరీ, టోయింగ్ రసీదు, ఫొటోలు, పాలసీ, ఆర్సీ, లైసెన్స్ కాపీలు.

ఇట్లు,
పాలసీదారు