నది దాటే పడవ: సాపేక్ష వేగం లెక్కకు సాధన

విజయవాడ దగ్గర కృష్ణా నది ఒక పాయ వెడల్పు 600 మీ., ప్రవాహ వేగం 3 మీ./సె., నిశ్చలమైన నీటిలో పడవ వేగం 5 మీ./సె. అనుకుందాం; ఈ అంకెలు లెక్క కోసం ఎంచుకున్నవే. పడవ నది దాటడానికి ఎంత కాలం పడుతుంది, సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే ముక్కును ఏ కోణంలో తిప్పాలి అన్నవి ప్రశ్నలు.

మొదట పడవ ముక్కును సరిగ్గా ఎదుటి ఒడ్డు వైపే ఉంచుదాం. ఒడ్డుకు లంబంగా ఉన్న వేగం 5 మీ./సె. కాబట్టి, దాటడానికి 600 ÷ 5 = 120 సెకన్లు పడుతుంది. ఇక్కడ చాలామంది లంబంగా ఉన్న రెండు వేగాలను కలిపి, వచ్చిన ఫలిత వేగం √(5² + 3²) = √34తో 600ను భాగిస్తారు. అది తప్పు, ఎందుకంటే ప్రవాహం పడవను పక్కకు నెడుతుందే తప్ప ఎదుటి ఒడ్డుకు దగ్గర చేయదు, దూరమూ చేయదు. ఆ 120 సెకన్లలో పడవ దిగువకు 3 × 120 = 360 మీ. కొట్టుకుపోతుంది.

ఇప్పుడు సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే, పడవ ముక్కును ఎగువ వైపు θ కోణంలో తిప్పి, పడవ వేగంలోని ఎగువ అంశం ప్రవాహాన్ని పూర్తిగా రద్దు చేసేలా చూడాలి:

5 sin θ = 3, అంటే sin θ = 3/5, θ ≈ 37°

ఈ కోణాన్ని లంబరేఖ నుంచి కొలవాలి, ఒడ్డు నుంచి కాదు. బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టినవారు తడబడేది ఇక్కడే. మిగిలిన లంబ అంశం 5 cos θ = 4 మీ./సె., కాబట్టి కాలం 600 ÷ 4 = 150 సెకన్లు.

ప్రవాహ వేగం 5 మీ./సె. లేదా అంతకు మించితే నేరుగా ఎదుటి రేవుకు చేరడం సాధ్యం కాదు.