గ్రూప్ నియమాలు: మారతహళ్లి గేట్ సీఎస్ తెలుగు బ్యాచ్

అందరికీ నమస్కారం. ఇక్కడ గేట్ సీఎస్ సిలబస్, పాత ప్రశ్నలు, మాక్ టెస్టులు మాత్రమే. పీజీ గదులు, రిఫరల్ లింకులు, రాజకీయాలు వద్దండీ.

డౌట్ పెట్టేటప్పుడు ఏ సంవత్సరం ప్రశ్నో, మీరెక్కడ ఆగారో రాయండి. ఎంసీక్యూనా, ఎంఎస్‌క్యూనా, న్యూమరికలా అన్నది తప్పనిసరి: నెగెటివ్ మార్కులు ఎంసీక్యూకే కాబట్టి, ఊహించి పెట్టాలా వద్దా అన్న సలహా దాన్నిబట్టే మారుతుంది. జవాబు ఆ మెసేజ్‌కే రిప్లైగా ఇవ్వండి. లేకపోతే రెండు డౌట్లు కలిసిపోయి ఎవరికీ అర్థం కాదు.

రాత్రి 10:30 నుంచి ఉదయం 6:30 దాకా మెసేజ్‌లు వద్దు. నైట్ షిఫ్ట్ వాళ్లూ, రాసి పెట్టుకుని పొద్దున పంపండి.

మొదటిసారి తప్పితే విడిగా చెప్తాం. రెండోసారైతే వారం రోజులు బయటే. మూడోసారి మళ్లీ చేర్చుకోం. డబ్బులడిగే లింకు, దొంగ పీడీఎఫ్ పెడితే మాత్రం హెచ్చరిక ఉండదు, వెంటనే తీసేస్తాం. పొరపాటున తీసేశామనిపిస్తే అడ్మిన్‌లకు మెసేజ్ చేయండి, మాట్లాడుకుందాం.