బుజ్జి కాకి, నాలుగు నెత్తళ్ళు

అనగనగా విశాఖపట్నంలో, జాలరిపేట ఒడ్డున ఒక బుజ్జి కాకి. ఒకరోజు పొద్దున్నే పడవలు వచ్చాయి. వల దులుపుతుంటే ఇసకలో నాలుగు నెత్తళ్ళు పడ్డాయి. చిన్న చేపలే, కానీ తళతళ!

"అన్నీ నావే!" అంది కాకి.

ముక్కేమో ఒక్కటే. ఒకటి పట్టుకుంది. రెండోది పట్టబోతే మొదటిది టప్! మొదటిది తీస్తే రెండోది టప్!

సరేలే అని నాలుగూ ఇసకలో ఒక బొరియలోకి తోసి, పైన గవ్వ పెట్టింది. ఆ బొరియ ఎవరిది? పీతది! ఒక చేపను లాక్కుని లోపలికి చరచరా పోయింది.

మిగతావి గబగబా బయటికి లాగేసరికి, పైన గద్ద! ఒక్క కాకికి గద్ద భయపడుతుందా? ఊహూఁ.

"కావ్! కావ్! రండర్రా, చేపలున్నాయి!"

అక్క కాకి వచ్చింది. తాత కాకి వచ్చింది, కాస్త ఆలస్యంగా. ముగ్గురూ గద్ద తోక వెంట పడ్డారు. గద్ద తుర్రు!

చేపలెన్ని మిగిలాయి? మూడు. కాకులెన్ని? మూడే. బుజ్జి కాకి పెద్ద చేపను తాతకిచ్చింది.

"రేపు నాకు ఇడ్లీ దొరికితే నిన్ను పిలుస్తానే," అన్నాడు తాత.

"చట్నీ కూడానా?" అంది బుజ్జి కాకి.