కంటి ప్రెషర్ చుక్కల షెడ్యూల్: కోడలు గారు చదివి వినిపించాలి, ఫ్రిజ్ తలుపుకు అంటించాలి

పేషెంట్: 58 ఏళ్ల అమ్మగారు, గుంటూరు. పని: కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీయడం
జబ్బు: రెండు కళ్లలో గ్లకోమా, అంటే నీటికాసులు. ఎడమ కంటి నరం ఎక్కువ దెబ్బతింది.
మందు మొదలు: 3 మార్చి 2025, సోమవారం
ఆ రోజు ప్రెషర్: కుడి 26, ఎడమ 30
డాక్టర్ గారు పెట్టిన లక్ష్యం: కుడి 18, ఎడమ 16 లేదా ఇంకా తక్కువ

ఏ వేళకు ఏ చుక్క

ఉదయం 7: డోర్జోలమైడ్–టిమోలాల్, ఎడమ కంట్లో మాత్రమే, 1 చుక్క
సాయంత్రం 7: అదే మందు, ఎడమ కంట్లో మాత్రమే, 1 చుక్క
రాత్రి 9: లాటానోప్రోస్ట్, రెండు కళ్లలో, ఒక్కో చుక్క

సీసాను మూత రంగుతో గుర్తు పెట్టుకోవద్దు, కంపెనీ మారితే రంగూ మారుతుంది. మేం సీసాల మీద బొమ్మలు అతికించాం: పగటి మందుకు సూర్యుడు, రాత్రి మందుకు చంద్రుడు. కొత్త సీసా కొన్నప్పుడు పేరు సరిచూసి ఆ బొమ్మ మీరే వేసుకోండి.

అమ్మా, ఈ చుక్కలు వేస్తే చూపు పెరగదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పోకుండా కాపాడటానికే ఈ మందు. ప్రెషర్ 30 ఉన్నప్పుడు మీకు నొప్పి తెలియలేదు, 16కి దిగినా హాయిగా ఉన్నట్టు ఏమీ తెలియదు. అందుకే "బాగానే ఉందిలే" అని మానేయడానికి లేదు. చుక్కలు జీవితాంతం వాడాల్సినవే.

వేసే పద్ధతి

ముందు చేతుల సంగతి. మిరప ఘాటు ఉత్త నీళ్లతో పోదు. పని నుంచి వచ్చాక చీర మార్చుకుని, గోళ్ల సందులతో సహా సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. ఉదయం చుక్క పనికి వెళ్లకముందే అయిపోవాలి. సాయంత్రం చుక్క కోడలు గారు వేస్తే మేలు, ఆవిడ కూడా చేతులు కడుక్కునే వేయాలి. కంట్లో కాటుక వద్దు.

మంచం మీద వెల్లకిలా పడుకోండి. కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. పైకి చూస్తూ ఉంటే ఆ జేబులో ఒక్క చుక్క పడాలి. సీసా మూతి రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ తగలకూడదు. తగిలితే సీసాలోకి క్రిములు చేరతాయి. కంట్లో ఒక చుక్కకు మించి చోటు లేదు, రెండోది వేసినా చెంప మీదికి కారి వృథా అవుతుంది.

చుక్క పడ్డాక మెల్లగా కన్ను మూయండి. గట్టిగా బిగించొద్దు, టపటపా ఆర్పొద్దు. ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కి 2 నిమిషాలు అలాగే ఉంచండి. చాలామంది వదిలేసేది ఇదే, నా లెక్కలో మాత్రం ఇదే ముఖ్యం. ఆ మూలలో సన్నటి దారి ఉంది. నొక్కకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి దిగి నోరు చేదవుతుంది, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. ఏకాదశి రోజు చుక్క గొంతులో పడితే ఉపవాసం చెడుతుందేమోనని మీరు అడిగారు కదా, మూల నొక్కితే గొంతులోకి దిగేది బాగా తగ్గుతుంది. ఉపవాసమని చుక్క మానొద్దు.

పడిందో లేదో అనుమానంగా ఉంటే అప్పుడే ఇంకొకటి వేయొచ్చు. పడిందని తెలిస్తే వద్దు. రాత్రి మందు రెప్పల మీదికి కారితే తుడిచేయండి, లేకపోతే అక్కడి చర్మం నల్లబడుతుంది.

మర్చిపోతే

పగటి మందు: ఉదయానిది మధ్యాహ్నం భోజనం లోపు గుర్తొస్తే వేసేయండి. ఆ తర్వాత గుర్తొస్తే వదిలేసి సాయంత్రం 7కి మామూలుగా వేయండి. సాయంత్రానిది పడుకునే లోపు ఎప్పుడు గుర్తొచ్చినా వేయొచ్చు. అది 9 గంటల వేళ అయితే ముందు పగటి మందు వేసి, కనీసం 5 నిమిషాలు ఆగి రాత్రి మందు వేయండి. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

రాత్రి మందు: ఆ రాత్రిలోనే గుర్తొస్తే వేయండి. తెల్లారాక గుర్తొస్తే వదిలేసి మళ్లీ రాత్రి 9కే. ఈ మందు రోజుకు ఒకసారికి మించి వేస్తే పనిచేయడం తగ్గుతుంది. నిన్నటి బాకీ తీర్చినట్టు రెండు చుక్కలు వేయడం ఏ మందుకూ కుదరదు.

పెళ్లికో తిరుపతికో వెళ్లి రెండు మూడు రోజులు తప్పితే టెన్షన్ పడకండి. ఆ రోజు వేళ నుంచే మళ్లీ మొదలుపెట్టండి. తప్పిన రోజున గోడ క్యాలెండర్‌లో సున్నా చుట్టండి, దాచొద్దు. ఎందుకో చెప్తాను. చుక్కలు మానేసి వచ్చి "రోజూ వేస్తున్నా" అన్నారనుకోండి, ప్రెషర్ ఎక్కువ కనిపిస్తే డాక్టర్ గారు మందు సరిపోలేదనుకుంటారు. ఇంకో మందు రాస్తారు, లేదా ఆపరేషన్ మాట ఎత్తుతారు. నెలంతా మానేసి చెకప్‌కు ముందు రెండు రోజులు వేసుకొచ్చినా మోసమే: ఆ రోజు అంకె బాగుంటుంది, నరం మాత్రం లోపల పోతూనే ఉంటుంది. నిజం చెప్తే ఇక్కడ ఎవరూ కేకలేయరు.

సీసాలు

తెరవని రాత్రి మందు ఫ్రిజ్‌లో ఉండాలి. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారో లేదో చూడండి. మన ఎండలకు తెరిచినదీ ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టండి, పైన ఐసు గట్టే అరలో వద్దు. చల్లగా ఉంటే చుక్క పడ్డదీ తెలుస్తుంది. మూతికి పిన్నీసుతో పెద్ద బెజ్జం చేయకండి, చుక్క పెద్దదై మందు త్వరగా అయిపోతుంది. ఇప్పుడు తెరిచిన రెండు సీసాలూ ఉగాది మర్నాడు, మార్చి 31న పారేయాలి, మందు మిగిలినా సరే. కొత్తవి ఉగాదికి ముందే కొని పెట్టుకోండి.

ప్రెషర్ చెకప్

ఏప్రిల్ 15, మంగళవారం, ఉదయం 10. ముందు రోజు అంబేడ్కర్ జయంతి, ఓపీ ఉండదు. ఆ ఉదయం చుక్క మానకుండా వేసుకుని, టిఫిన్ తినే రండి. రెండు సీసాలు, క్యాలెండర్, ఈ కాగితం తెచ్చుకోండి. కంటికి మొద్దుబారే చుక్క, పసుపు రంగు వేసి నీలం లైటుతో చూస్తారు, నొప్పి ఉండదు. ఊపిరి బిగపట్టొద్దు, కన్ను బిగించొద్దు, అలా చేస్తే అంకె పెరుగుతుంది.

లక్ష్యానికి దిగితే మళ్లీ జూలై 15, మంగళవారం. ఆ రోజు చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో చూసే ఫీల్డ్ టెస్టు, నరం స్కానింగ్ కూడా ఉంటాయి కాబట్టి సగం రోజు సెలవు పెట్టుకోండి. ప్రెషర్ బాగున్నా ఫీల్డ్ తగ్గుతుంటే లక్ష్యం ఇంకా కిందికి దించుతారు.

ఆగకుండా చెప్పాల్సినవి

చుక్క వేయగానే కాస్త మంట, కొద్దిగా ఎరుపు, నెలలు గడిచాక రెప్ప వెంట్రుకలు పొడవవడం మామూలే. ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, నాడి బాగా నెమ్మదించడం, ఒంటి మీద దద్దుర్లు వస్తే పగటి మందు ఆపి వెంటనే ఫోన్ చేయండి. మీకు ఆస్తమా లేదన్నారు కాబట్టే అది రాశారు. కన్ను విపరీతంగా నొప్పి పుట్టి, లైటు చుట్టూ రంగుల వలయాలు, వాంతులు ఉంటే తెల్లవారేదాకా ఆగొద్దు, రాత్రయినా జీజీహెచ్ అత్యవసర విభాగానికి వెళ్లిపోండి.

కన్ను ఎర్రబడిందని షాపులో అడిగి ఏ చుక్కలూ కొనొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ప్రెషర్ పెరుగుతుంది. ఆముదం, తేనె, తల్లిపాలు కూడా వద్దు. ఏ జబ్బుకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ కాగితం చూపించండి.

ఇది రక్తసంబంధీకులకు కూడా వచ్చే వీలున్న జబ్బు. మీ తమ్ముడు గారిని, 40 దాటిన మీ పెద్దబ్బాయిని ఏప్రిల్ 15న మీతో పాటు తీసుకురండి, వాళ్ల ప్రెషర్ కూడా చూస్తాం.