మే 19 సమావేశానికి ముందు ఆడిటర్ గారికి పంపిన ప్రశ్నలు

నమస్కారమండీ,

బంజారాహిల్స్ ఆఫీసులో మొదటి అరగంట యాజమాన్యం లేకుండా కూర్చుందాం, ఛైర్మన్ గారు ఒప్పుకున్నారు. ఈ ప్రశ్నలు సీఎఫ్ఓ గారికి పంపలేదు.

ముందుగా అమెరికా అమ్మకాలు. చార్జ్‌బ్యాక్‌లకు, వాపసులకు కలిపి ఈసారి 86 కోట్లు పక్కన పెట్టారు. నిరుడు పెట్టిన 71 కోట్లలో చివరికి నిజంగా పోయిందెంత? మీ టీమ్ సొంతంగా లెక్క వేసిందా, లేక కంపెనీ ఇచ్చిన షీట్‌నే సరిచూసిందా? వేసి ఉంటే ఎంత నుంచి ఎంత దాకా వచ్చింది, కంపెనీ అంకె అందులో ఏ చివర ఉంది? ఒక్కో అంచనా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ లాభం వైపే ఒరిగాయా అన్నది నా సందేహం.

పాశమైలారం యూనిట్ విలువ తగ్గించనక్కర్లేదని తేల్చారు. మూడేళ్ళలో ఉత్పత్తి, సామర్థ్యంలో 55 నుంచి 80 శాతానికి వెళ్తుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడింది. 65 దగ్గరే ఆగిపోతే? డిస్కౌంట్ రేటు ఒక్క శాతం పెరిగితే?

ఇక యాజమాన్యంతో మీకున్న విభేదాల సంగతి. "పెద్దగా ఏమీ లేవండీ" అని పోయినసారి విన్నాం. ఈసారి అలా వద్దు. మొదట మీరు కాదన్నవి, తర్వాత సరేనన్నవి ఏవి? కొత్త ఆధారం చూపించారా, లేక గడువు దగ్గరపడిందా? ఎవరైనా వేరే ఫర్మ్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకున్నారా? మీ క్వాలిటీ రివ్యూ పార్ట్‌నర్ ఏ విషయంలో అడ్డు చెప్పారు? అడిగిన కాగితం ఆలస్యంగా ఇచ్చిన విభాగం ఏది? మీ ఫీజు ప్రస్తావన ఎప్పుడైనా ఈ చర్చల మధ్యలో వచ్చిందా? అడగడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పండి.

సరిదిద్దకుండా వదిలేసిన తప్పుల జాబితా, చిన్నవైనా, ప్రింట్ తీసి తీసుకురండి. "మెటీరియల్ కాదు" అన్న మాట ఎవరిది, మీదా, వాళ్ళదా?

కీలక ఆడిట్ అంశాల్లో చివరి నిమిషంలో తీసేసినది ఏదైనా ఉందా?

2009 జనవరిలో సత్యం బాగోతం బయటపడింది ఈ ఊళ్ళోనే కాబట్టి, ఈ ప్రశ్న ఎంత పాతదైనా అడుగుతాను: ఫిక్స్‌డ్ డిపాజిట్ల ధ్రువీకరణలు బ్యాంకుల నుంచి నేరుగా మీకే వచ్చాయా, కంపెనీ వాళ్ళ చేతుల మీదుగా వచ్చాయా?

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ ఏడాదంతా ఆన్‌లోనే ఉందా? మార్చి చివరి వారంలో చేత్తో వేసిన జర్నల్ ఎంట్రీలు ఎవరు వేశారు, ఎవరు ఆమోదించారు? కంపెనీల చట్టం 143(12) కింద మాకు చెప్పాల్సిన మోసం, కోటి లోపుదైనా సరే, ఏదైనా కంటబడిందా?

కాగితం మీద పెట్టడం ఇష్టం లేనివి ఉంటే ముందురోజు సాయంత్రం ఫోన్ చేయండి. ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను. కానీ ఆ మాట నా దగ్గరే ఆగదు, కమిటీలో చెప్పాల్సి వస్తుంది.

ఇట్లు,
ఆడిట్ కమిటీ సభ్యురాలు, ఇండిపెండెంట్ డైరెక్టర్